చుక్కమ్మ పెట్టిన సెలవు మెసేజ్

మందుపెట్టె విప్పగానే మాత్రల కంటే ముందు చేతికి తగులుతుంది చూడండి, మడతల మీద మడతలు పెట్టిన పల్చటి కాగితం, విసుగ్గా పక్కన పారేస్తారు, దాన్ని అచ్చు వేసే ప్రెస్సు మాది. లోకంలో ఎవరూ చదవని సాహిత్యానికి మేమే ప్రచురణకర్తలం. మేం మాత్రం చదువుతాం, చదవక ఎక్కడికి పోతాం. నేను మడత యంత్రం దగ్గర ఉంటాను. మా తోడికోడలు ప్రూఫులు చూస్తుంది. ఒకే ఇంట్లో ఒకే వంటగదిలో పొద్దున పోట్లాడుకుని, ఒకే బస్సెక్కి, ఒకే గేట్లోంచి లోపలికి వెళ్ళే తోడికోడళ్ళు మేమిద్దరమే ఉంటామని నా నమ్మకం.

పోట్లాట అన్నానే గానీ పోట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. దాన్ని ప్రెస్సులో అందరూ చుక్కమ్మ అంటారు. అర మిల్లీగ్రాముకీ అయిదు మిల్లీగ్రాములకీ మధ్య ఉండేది ఒక్క చుక్క. ఆ చుక్క ఎగిరిపోతే రోగి ఎగిరిపోతాడు. ఆ చుక్కల్ని పట్టుకోవడమే దాని ఉద్యోగం. స్కేలు అడ్డం పెట్టుకుని లైను తర్వాత లైను దిగుతుంది. ఇంట్లో బిస్కెట్ పొట్లం మీద రాసిందీ వదలదు. నేను ఒక సంగతి చెబితే చిలవలు పలవలు చేసి మూడు సంగతులు చేస్తాను. అది మూడు సంగతుల్ని ఒక మాటలో చెప్పి, ఆ మాట కూడా ఎక్కువైందేమో అన్నట్టు చూస్తుంది. మా మరిది ఇలాంటి పిల్లని ఏరికోరి ఎలా చేసుకున్నాడో నాకు చాన్నాళ్ళు అంతుపట్టలేదు. తర్వాత తెలిసింది, వాడికి ఇంట్లో నా గొంతు ఒకటి చాలని.

ఇక మా మేనేజర్ గారు. ఆయన వెనకాల మేం ఆయన్ని డాక్టరుగారు అంటాం. ఆయన చదివింది అచ్చు పని. ఇన్నేళ్ళుగా మందుల కాగితాలు అచ్చు వేయించీ వేయించీ, ఏ మందు వల్ల ఏ ఇబ్బంది వస్తుందో ఆయనకి కంఠతా వచ్చేసింది. వచ్చిన విద్య ఊరుకుంటుందా. ఒంట్లో బాగాలేక రాలేకపోయినవాళ్ళు ఆయన ఫోనుకి మెసేజ్ పెట్టాలి, యంత్రాలు మొదలవడానికి గంట ముందే పెట్టాలి. అంతవరకు న్యాయమే, ఎవరి పని ఎవరికి అప్పజెప్పాలో ఆయన చూసుకోవాలిగా. కానీ ఆయన ఆ మెసేజ్‌లని పొద్దున్నే పెద్ద బల్ల దగ్గర అందర్నీ నిలబెట్టి పైకి చదువుతారు. ఎందుకండీ అని ఒకసారి అడిగితే, "మన మధ్య దాపరికాలు ఉండకూడదమ్మా" అన్నారు. ఆయన జీతం ఎంతో మాత్రం ఇప్పటిదాకా చదివి వినిపించలేదు.

పైకి చదువుతారని తెలిశాక జనం ఊరుకుంటారా. ఒట్టి జ్వరం అంటే నమ్మరేమోనని దానికి ఒళ్ళునొప్పులు కలిపారు. ఒళ్ళునొప్పులు పాతబడ్డాయని కళ్ళు తిరగడం కలిపారు. కట్టింగ్ దగ్గర పనిచేసే ఆయనైతే సాక్షాత్తూ మా కాగితంలోంచే ఎత్తి రాశాడు. "అరుదుగా నాలుక రంగు మారుట" అని. ఆ మెసేజ్ చదివిన రోజు మేనేజర్ గారు చాలా సంతోషించారు. ఆ నాలుక మర్నాడు బల్ల దగ్గర అందరికీ చూపించాల్సి వచ్చింది.

నవ్వులాటకి బాగానే ఉంటుంది. స్టోరు చూసుకునే పెద్దాయనకి మాత్రం నవ్వులాట కాలేదు. పాపం ఆయన నిజమే రాశాడు, పొడిదగ్గు, ఎన్నాళ్ళుగానో తగ్గట్లేదని. మేనేజర్ గారు కళ్ళు మూసుకుని, "పొడిదగ్గు. జలుబు లేదు. జ్వరం లేదు. ఇది ఆ బీపీ మాత్ర కాగితంలో మూడో పేరాలో ఉంది. ఆయనకి బీపీ ఎప్పట్నుంచి?" అన్నారు. ఆయనకి బీపీ ఉన్న మాట నిజమే. ఇంట్లో కూతురికి కూడా చెప్పుకోని మాట. మధ్యాహ్నానికల్లా భోజనాల గదిలో ఆయన ముందు నుంచి ఉప్పు డబ్బా తీసేశారు, సాయంత్రానికి ఆయన్ని నిచ్చెన ఎక్కొద్దన్నారు, నెల తిరక్కుండా స్టోరు తాళాలు ఇంకొకరి నడుముకి చేరాయి. అంతా ఆయన మంచికేనట.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మేం అచ్చు వేసే కాగితాల్లో ఒకదానికి పైన నీలం గీత ఉంటుంది. మనసు ఒకప్పుడు ఆకాశానికి ఎగిరి ఇంకొకప్పుడు పాతాళానికి పడిపోయే జబ్బుకి వాడే మాత్ర అది. నిలకడగా ఉంచుతుంది. ప్రెస్సులో దాన్ని ఎవరూ మందు పేరుతో పిలవరు. ఎవరైనా కాస్త గట్టిగా నవ్వినా, ఊరికే కసురుకున్నా, "ఏం, ఇవాళ నీలంగీత వేసుకోలేదా?" అంటారు. మిషన్ నడిపే కుర్రవాడు అయితే రోజుకి ఒకసారైనా అనకపోతే వాడికి అన్నం సయించదు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఆ రోజు పొద్దున నేను టీ పెడుతున్నాను. చుక్కమ్మ వంటగదిలోకి రాలేదు. దాని బదులు స్నానాలగదిలోంచి కక్కుతున్న చప్పుడు వచ్చింది. అయిదేళ్ళ కాపురం, పిల్లలు లేరు, నా బుర్ర ఎటు పరిగెత్తిందో మీకు చెప్పక్కర్లేదు. గ్లాసు నీళ్ళు పట్టుకుని మొహమంతా నవ్వు చేసుకుని వెళ్ళాను. అది గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నీళ్ళు అందుకుందామని చేయి చాపింది. ఆ చేయి వణుకుతోంది. చలికి వణికినట్టు కాదు, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు సగం ఒళ్ళోకి పోయాయి.

వెనకాల గదిలో మా మరిది ఫోన్లో మాట్లాడుతున్నాడు. "అవునండీ, పోయిన వారమే మోతాదు పెంచారు. రాత్రి నుంచి వణుకు ఎక్కువైంది, వాంతులు కూడా. సరే, పొద్దుటి మాత్ర వేయను. రక్తం ఇవ్వడానికి వెంటనే తీసుకొస్తాను, మందు ఎంత ఉందో చూస్తారు కదా. అలాగే."

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది. చేతుల వణుకు, వాంతులు, రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్ష. ఈ మూడూ కలిసి ఉండే కాగితం నా మడత యంత్రం కింద నుంచి ఎన్ని వేలసార్లు వెళ్ళి ఉంటుందో. చుక్కమ్మ నా మొహం వంక చూసింది. ప్రూఫు చూసినట్టే చూసింది, పై లైను నుంచి కింది లైను దాకా.

"చదివేశావా అక్కా?" అంది.

నేను తలూపాను.

"పెళ్ళికి ముందు నుంచే ఉంది. ఆయనకి తెలుసు. మందుతో బాగానే ఉంటున్నాను. నీకు చెప్పలేదని కోపం తెచ్చుకోకు."

కోపం రాలేదంటే అబద్ధం. అయిదేళ్ళు ఒకే గిన్నెలో గరిటె తిప్పుకుని ఇదా అనిపించింది. ఇంకాస్త ఆలోచిస్తే, నాకు చెప్పడమూ వీధి చివర మైకు పెట్టి చెప్పడమూ ఒకటే. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది. కోపాన్ని మింగి దాన్ని లేవదీసి మంచం మీద కూర్చోబెట్టాను.

"ముందు మేనేజర్‌కి మెసేజ్ పెట్టాలి. టైము అయిపోతోంది," అంది.

చూడండి దాని వరస. ప్రాణం మీదికి వస్తోంటే డాక్టరుగారికి అర్జీ. కానీ అది అన్నదాంట్లో అర్థం ఉంది. మెసేజ్ పెట్టకుండా మానేస్తే ఆయన ఊరుకోరు, ఇంటికి ఫోను మీద ఫోను చేస్తారు. పెడితే బల్ల దగ్గర చదువుతారు. అందులో ఒక్క లక్షణం, ఒక్కటంటే ఒక్కటి, దొర్లినా ఆయనకి చాలు. బీపీ ఉందంటే తాళాలు పోయాయి. నీలంగీత అంటే ఏం పోతుందో ఊహించండి. చుక్కల్ని పట్టుకునే ఉద్యోగంలో ఉన్న మనిషికి మనసు జబ్బట, ఇక ఆ ప్రూఫుల్ని నమ్మేదెలా అంటారు. మర్నాటి నుంచి దాని ప్రతి కాగితాన్నీ ఇంకొకరు చూస్తారు, ఆ మర్నాటి నుంచి అసలు ఇవ్వడమే మానేస్తారు. అంతా దాని మంచికే.

మా మరిది చెప్పులు వేసుకుంటూ, "నేను చెబుతా రాయి వదినా. బయట తిన్నది పడలేదు, రాత్రంతా పదకొండు వాంతులు," అన్నాడు.

"పదకొండు నువ్వు లెక్కపెట్టావా?" అన్నాను. "అయినా వాంతులని రాస్తే చాలు, ఎక్కడ తిన్నావు, ఏం తిన్నావు, ఇంట్లో మిగతావాళ్ళు ఎందుకు తినలేదు అని నన్ను నిలబెట్టి అడుగుతాడు. జ్వరం అని పెడదాం. జ్వరం మర్యాదైన రోగం."

"జ్వరం లేదు," అంది చుక్కమ్మ.

"లేదని నీకూ నాకూ తెలుసు. ఆయనకి తెలీదుగా."

"అబద్ధం పెడితే దాన్ని గుర్తుపెట్టుకోవాలి అక్కా. రేపు ఆయన జ్వరం ఎంత ఉంది అంటారు. థర్మామీటర్ ఫొటో అడిగారు కదా ఆ బైండింగ్ అమ్మాయిని. అబద్ధమూ వద్దు, నిజమూ వద్దు. ఆయనకి అవసరమైంది రాద్దాం."

"ఆయనకి అన్నీ అవసరమే."

"ఆయనకి కాదు, పనికి. నేను వస్తానా రానా, రాకపోతే నా బల్ల మీద పని ఏమవుతుంది, మళ్ళీ ఎప్పుడొస్తాను. ఈ మూడే."

తను టైపు చేయబోయింది. వేళ్ళు ఒకచోట కొడితే అక్షరం ఇంకోచోట పడుతోంది. ఫోను నా చేతిలో పెట్టింది. "నేను చెబుతాను, నువ్వు కొట్టు. నేను చెప్పిందే కొట్టు," అంది. ఆ రెండో మాట ప్రత్యేకంగా నొక్కి చెప్పింది, నన్ను ఎరిగిన మనిషి కనుక.

కళ్ళు మూసుకుని ఒక్కో మాటా చెప్పింది. నేను కొట్టాను. ఆ మెసేజ్ ఇది:

"సార్, ఒంట్లో బాగాలేదు. ఈ రోజు పనికి రాలేను, సిక్ లీవు రాసుకోండి. దగ్గుమందు కాగితం చూడటం అయిపోయింది, నా బల్ల మీద ఎడమ ట్రేలో ఉంది, అచ్చుకి పంపొచ్చు. కంటిచుక్కల కాగితం ఇంకా చూడలేదు. ఈ రోజే కావాలంటే రెండో ప్రూఫ్‌రీడర్‌కి ఇవ్వండి. రేపు రాగలనో లేదో ఈ సాయంత్రం చెబుతాను. పగలు ఫోను చూడటం కుదరకపోవచ్చు."

నాకు మనసొప్పలేదు. ఇది మెసేజా, కరెంటాఫీసు నోటీసా. మనిషి మనిషికి రాసినట్టు ఉండొద్దూ. కాస్త మర్యాదగా ఉంటుందని, ఎవరు కొట్టారో తెలియాలి కదా అని, చివర నా తరఫున ఒక వాక్యం చేర్చాను. "చేతులు వణుకుతున్నందువల్ల తన బదులు నేను టైపు చేస్తున్నాను, ఇట్లు వాళ్ళ అక్క." చాలా బాగా వచ్చిందనుకున్నాను. పంపే గుర్తు మీద వేలు పెట్టబోతుంటే అది నా మణికట్టు పట్టుకుంది.

"ఒకసారి చూపించు."

"నువ్వు చెప్పిందే కొట్టాను."

"ప్రూఫు చూడకుండా ఏదీ అచ్చుకి పోదు అక్కా."

చూసింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. నా వంక తిరిగింది. అప్పుడు చదివాను నేను రాసినదాన్ని. ఏ కాగితమూ గుర్తుచేసుకోవాల్సిన పని లేకుండా అరటిపండు ఒలిచి డాక్టరుగారి చేతిలో పెట్టబోయాను. ఆ వాక్యం తుడిచేశాను. అది ఇంకోసారి మొదటి నుంచి చదివి, "ఊఁ, పంపు," అంది. వాళ్ళిద్దరూ ఆటో ఎక్కారు. నేను బస్సెక్కాను.

బస్సులో నిలబడి ఒకటే అనుకున్నాను. మెసేజ్‌లో ఏమీ లేదు సరే, మరి నా మొహంలో?

పెద్ద బల్ల చుట్టూ అందరూ చేరారు. మేనేజర్ గారు ఫోను తీసి, గొంతు సవరించుకుని, మెసేజ్ చదివారు. చదవడం అయ్యాక ఫోను అటూ ఇటూ తిప్పి చూశారు, మిగతాది వెనక పేజీలో ఉందేమోనన్నట్టు. ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి. అంత పెద్ద హాల్లో జనానికి నవ్వడానికీ, అయ్యో అనడానికీ ఆ మెసేజ్‌లో ఏమీ దొరకలేదు. కట్టింగ్ ఆయనకి మరీ నిరాశ.

"ఒంట్లో బాగాలేదు," అన్నారు మేనేజర్ గారు మళ్ళీ. "ఏమి బాగాలేదు? తల? కడుపు? ఒళ్ళంటే చాలా పెద్ద విషయం." అంటూనే ఫోను మీద తిరుగు మెసేజ్ కొట్టారు. "లక్షణాలు తెలియజేయగలరు" అని పైకి చదువుతూ కొట్టారు. జవాబు రాలేదు. పగలు ఫోను చూడనని అది ముందే చెప్పింది కదా, ఆ వాక్యం ఎంత పనికొచ్చిందో అప్పుడు అర్థమైంది.

ఇక తల నా వైపు తిరిగింది. నాకు తెలుసు తిరుగుతుందని.

"మీరు ఒకే ఇంట్లో ఉంటారు కదమ్మా. ఏమైంది ఆ అమ్మాయికి?"

"ఒంట్లో బాగాలేదండీ."

"అది చదివాను. జ్వరమా?"

"కాదండీ," అన్నాను.

అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాను. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. వేలు మడిచారు. జ్వరం కొట్టివేశారన్నమాట. ఇంకో వేలు సిద్ధంగా పెట్టుకున్నారు. అదీ ఆయన పద్ధతి. స్టోరు పెద్దాయనని అలాగే పట్టుకున్నారు, జలుబు లేదు, జ్వరం లేదు అంటూ. ఏది కాదో చెబుతూ పోతే, మిగిలేది ఏదో ఆయనే తేల్చుకుంటారు. నేను కాదంటున్న కొద్దీ ఆయన అసలు సంగతికి దగ్గరవుతారు.

"తలనొప్పా?"

"ఒంట్లో బాగాలేదండీ."

"కడుపులో తిప్పుతోందా?" ఇది అడిగినప్పుడు బైండింగ్ అమ్మాయిలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. పొద్దున నా బుర్ర పరిగెత్తిన చోటికే వాళ్ళ బుర్రలూ చేరాయి. అవునంటే చాలు, అంతా అటు మళ్ళిపోతుంది, స్వీట్లు ఎప్పుడు అంటారు, నీలంగీత దరిదాపుల్లోకి ఎవరూ రారు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తొమ్మిది నెలల తర్వాత ఆ అబద్ధాన్ని ఎవరు మోయాలి? అదే మోయాలి, ప్రతి పలకరింపుకీ. వచ్చిన మాటని వెనక్కి పంపాను.

"ఒంట్లో బాగాలేదండీ. ఎడమ ట్రేలో దగ్గుమందు ప్రూఫు ఉందట."

"అడిగిందానికి చెప్పండమ్మా, దాపరికం ఎందుకు?"

అప్పుడు అన్నాడు మిషన్ నడిపే కుర్రవాడు, పళ్ళికిలిస్తూ. "ఏముంది సార్, చుక్కమ్మ నీలంగీత వేసుకోవడం మర్చిపోయి ఉంటుంది."

హాలంతా నవ్వింది.

వాడికేమీ తెలియదు. రోజూ అనే మాటే అన్నాడు. అయినా వాడి చెంప పగలగొడదామని చేయి లేచింది. కొడితే? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే కదా. పోనీ అందరితోపాటు నవ్వేద్దామా? ఎప్పుడూ నవ్వేదాన్నే, ఇవాళ నవ్వకపోతే అనుమానం. నవ్వబోయాను. పొద్దున గ్లాసులోంచి ఒళ్ళోకి ఒలికిన నీళ్ళు గుర్తొచ్చాయి. పెదవులు కదల్లేదు. నా జన్మలో మాట కోసం అంత వెతుక్కున్న రోజు ఇంకోటి లేదు. చివరికి దాని మాటే అరువు తెచ్చుకున్నాను.

"ఒంట్లో బాగాలేదు. రేపు వస్తుందో రాదో సాయంత్రం చెబుతుంది," అన్నాను, పొద్దున్నుంచీ అంటున్న గొంతుతోనే. "సార్, సిక్ లీవు కాగితంలో రోగం పేరుకి గడి ఉందా?"

మేనేజర్ గారు ఆ ప్రశ్న ఊహించలేదు. కాగితం ఆయనకి తెలుసు, ఆయనే అచ్చు వేయించారు. అందులో పేరు, తేదీ, 'అనారోగ్యం' అన్న అచ్చుమాట, సంతకం, అంతే. మూడు రోజులు దాటితే డాక్టరు పత్రం జతచేయాలి, ఆ పత్రంలో కూడా పనికి రాలేని స్థితి అని ఉంటే చాలు.

"లేదనుకోండి. నేనేదో బాగు కోరి..."

"ఆ అమ్మాయి బాగు కోరేవాళ్ళు ఆ అమ్మాయికి ఉన్నారండీ. మీరు కంటిచుక్కల కాగితం సంగతి చూడండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఇది మేనేజర్‌తో మాట్లాడే తీరు కాదని నాకూ తెలుసు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ నోరు చేసుకోవడం నాకు రోజూ ఉన్నదే, ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఇన్నాళ్ళ నా వాగుడు మొదటిసారి ఒక పనికొచ్చింది. మేనేజర్ గారు ప్రూఫుని రెండో రీడర్‌కి ఇచ్చారు, యంత్రాలు కదిలాయి. ఆ రోజు నా యంత్రం కింద నుంచి వెళ్ళినవి పిల్లల కడుపులో నులిపురుగులకి వేసే మందు కాగితాలు. చాలా ప్రశాంతంగా అనిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది మంచం మీద కూర్చుని ఉంది. రక్తంలో మందు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందట. మోతాదు మళ్ళీ తగ్గించారు, వారం తర్వాత మళ్ళీ రక్తం చూస్తారు. వణుకు చాలావరకు తగ్గింది. మేనేజర్‌కి మెసేజ్ కూడా తనే కొట్టుకుంది. "సార్, ఇప్పుడు నయంగా ఉంది, రేపు పనికి వస్తాను." లక్షణాలు అడిగిన మెసేజ్‌కి జవాబేదీ అన్నాను. చూపించింది. "డాక్టరుకి చూపించుకున్నాను సార్. పనికి సంబంధించి మీకు ఇంకేమైనా కావాలంటే చెప్పండి." ఆయన నుంచి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది.

"ఏమన్నారు బల్ల దగ్గర?" అంది.

"ఏమంటారు. మెసేజ్‌లో ఏమీ లేకపోయేసరికి అందరికీ పొద్దున్నే ఉపవాసం."

"నీలంగీత అన్నారా?"

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. తిప్పుకున్నా అది చదివేస్తుందని తెలుసు.

"అంటారులే," అంది. "రోజూ అనేదే. వాళ్ళు అన్నప్పుడల్లా నేనూ నవ్వేదాన్ని అక్కా. అందరికంటే ముందు నేనే మొదలుపెట్టేదాన్ని. ఆలస్యంగా నవ్వితే ఎవరైనా పట్టేస్తారని."

నాకు ఏడుపు వచ్చింది. దాని పక్కన కూర్చుని, చేయి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ చేయి ఇంకా సన్నగా అదురుతోంది. చుక్కమ్మ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఇద్దరం ఒకే బస్సెక్కాం. పెద్ద బల్ల దగ్గర మేనేజర్ గారు దానివైపు చూసి, "అంతా బాగానే ఉందా?" అన్నారు. "బాగుంది సార్," అంది. ఆయన ఇంకో ప్రశ్న కోసం నోరు తెరిచి, నన్ను చూసి మూసుకున్నారు. తర్వాత ఆ రోజుటి మెసేజ్ చదివారు. కట్టింగ్ ఆయనది. రాత్రంతా నిద్ర లేదట, గుండె దడదడట, ఎందుకో తెలియని కంగారట, చాలా వివరంగా రాశాడు.

"ఇంకేముంది, నీలంగీత!" అన్నాడు మిషన్ నడిపే కుర్రవాడు.

అందరూ నవ్వారు. చుక్కమ్మ నవ్వలేదు. స్కేలు చేతిలో పట్టుకుని, తలెత్తి, వాడి వంకే చూస్తూ నిలబడింది. దాని పక్కన నేనూ నవ్వకుండా నిలబడ్డాను. నవ్వు అటు చివరి నుంచి ఇటు చివరికి వస్తూ వస్తూ మా దగ్గర తెగిపోయింది. వాడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. స్టోరు పెద్దాయన కూడా చూశాడు, ముందు దాని మొహం, తర్వాత నా మొహం, ఆ తర్వాత చాలాసేపు దాని చేతిలోని స్కేలు. స్కేలు చివర సన్నగా అదురుతోంది. ఆయన నెమ్మదిగా మా వైపు నడిచి వచ్చి, దానికి అటుపక్కన నిలబడ్డాడు. ఏమీ అడగలేదు.